వేసవి వచ్చినా రాలని బొచ్చు: ముసలి గుర్రాల పిట్యూటరీ జబ్బు

ముసలి గుర్రాలకు వచ్చే హార్మోన్ జబ్బుల్లో తరచుగా కనిపించేది పిట్యూటరీ గ్రంథి మధ్యభాగం అదుపు తప్పడం. పశువైద్యులు దీన్ని పొడి అక్షరాల్లో పీపీఐడీ అంటారు. గుర్రాలు పెంచేవాళ్ల నోట మాత్రం ఇప్పటికీ కుషింగ్ జబ్బు అన్న పాత పేరే వినిపిస్తుంది. ఆస్ట్రేలియాలో 15 ఏళ్లు దాటిన గుర్రాలను పరిశీలించినప్పుడు దాదాపు ప్రతి ఐదింటిలో ఒకదానికి ఈ జబ్బు ఉన్నట్టు తేలింది. పదేళ్లలోపు గుర్రాల్లో ఇది అరుదు. ఒకసారి మొదలైతే పూర్తిగా నయం కాదు. అయితే వేళకు గుర్తించి రోజూ మాత్ర వేస్తూ మేతనూ డెక్కలనూ కనిపెట్టుకుని ఉంటే, గుర్రం ఇంకా చాలా ఏళ్లు హాయిగా బతుకుతుంది.

ఈ జబ్బుకు రెండు ముఖ్యమైన ఆనవాళ్లున్నాయి. ఒకటి ఒంటి మీద బొచ్చు, రెండోది రక్తంలో ఒక హార్మోన్ అంకె. ఆరోగ్యంగా ఉన్న గుర్రంలో ఈ రెండూ ఋతువును బట్టి మారుతూనే ఉంటాయి. కాబట్టి ఏ నెలలో చూస్తున్నామన్నది తెలియకుండా బొచ్చును బట్టి గానీ అంకెను బట్టి గానీ ఏదీ చెప్పలేం. ఈ జబ్బు విషయంలో జరిగే పొరపాట్లలో చాలా వాటికి మూలం నెలను మరిచిపోవడమే.

గ్రంథిలో జరిగేది

పిట్యూటరీ గ్రంథి మెదడు అడుగున వేలాడుతూ ఉంటుంది. గుర్రంలో దానికి ముందుభాగం, మధ్యభాగం, వెనుకభాగం ఉంటాయి. మధ్యభాగానికి మెదడులోని హైపోథాలమస్ నుంచి నేరుగా నరాల పోగులు వస్తాయి. ఆ పోగుల చివర్ల నుంచి డోపమైన్ అనే రసాయనం నిత్యం చుక్కలు చుక్కలుగా విడుదలవుతూ ఉంటుంది. బండికి బ్రేకు ఎలాగో మధ్యభాగానికి డోపమైన్ అలాగ. అది అందుతున్నంతసేపూ అక్కడి కణాలు మితంగా పనిచేస్తాయి.

వయసు మీరే కొద్దీ కొన్ని గుర్రాల్లో ఈ డోపమైన్ నరాలు క్షీణిస్తాయి. కణాల్లో ఆక్సిజన్ వాడకం వల్ల పుట్టే హానికర పదార్థాలు ఏళ్ల తరబడి చేసిన నష్టమే దీనికి కారణమని పరిశోధనలు చెబుతున్నాయి. బ్రేకు సడలగానే మధ్యభాగం కణాలు విచ్చలవిడిగా హార్మోన్లు తయారుచేస్తాయి. కణాలూ పెరుగుతాయి, గ్రంథి ఉబ్బుతుంది, కొన్నేళ్లకు అందులో గడ్డలాంటిది ఏర్పడుతుంది. ఈ గడ్డ సాధారణంగా ఒళ్లంతా పాకే క్యాన్సర్ రకం కాదు. అసలు నష్టం అది రక్తంలోకి వదిలే హార్మోన్ల వల్లే జరుగుతుంది. వాటిలో ఒకటి ఏసీటీహెచ్. రక్త పరీక్షలో కొలిచేది దీన్నే.

మనుషుల్లో పార్కిన్సన్స్ జబ్బుకూ మూలం డోపమైన్ నరాలు చనిపోవడమే. అయితే అక్కడ చెడేది మెదడులో వేరే చోటు, అందుకే ఫలితం వణుకుగా కనిపిస్తుంది. గుర్రంలో అదే తరహా నష్టం పిట్యూటరీకి వెళ్లే నరాలకు జరుగుతుంది కనుక హార్మోన్ల గందరగోళంగా బయటపడుతుంది. ఈ పోలిక వల్లే పార్కిన్సన్స్‌కు వాడిన మందు గుర్రాలకూ పనికొచ్చింది.

కుషింగ్ అన్న పాత పేరు మనుషుల వైద్యం నుంచి వచ్చింది. అమెరికన్ న్యూరోసర్జన్ హార్వే కుషింగ్ వర్ణించిన జబ్బులో పిట్యూటరీ ముందుభాగంలో గడ్డ ఏర్పడి, ఒంట్లో కార్టిసాల్ బాగా పెరుగుతుంది. గుర్రంలో చెడేది మధ్యభాగం. పైగా చాలా గుర్రాల్లో కార్టిసాల్ మామూలుగానే ఉంటుంది. అందుకే కార్టిసాల్ ఒక్కదాన్ని కొలిచి ఈ జబ్బు ఉందనో లేదనో చెప్పలేం. పశువైద్యులు పాత పేరు వదిలి కొత్త పేరు వాడడానికి కారణం ఈ తేడాయే.

బొచ్చు చెప్పే కబురు

చలి దేశాల్లో గుర్రానికి బొచ్చు మారడం వేడి, చలి కన్నా పగటి పొడవును బట్టి జరుగుతుంది. పగళ్లు కుదించుకుపోతుంటే చలికాలపు దట్టమైన బొచ్చు మొలుస్తుంది. పగళ్లు సాగుతుంటే అది రాలిపోతుంది. ఇంగ్లండ్ లాంటి చోట ఫిబ్రవరి, మార్చి నుంచే బ్రష్ వేస్తే బొచ్చు కుచ్చులుగా ఊడుతుంది. మే నెలకల్లా ఒళ్లు నున్నగా మెరుస్తుంది.

జబ్బు తొలి దశలో ఈ రాలడం ఆలస్యమవుతుంది. మొదటి ఏడాది పక్క గుర్రాల కన్నా రెండు మూడు వారాలు వెనకబడుతుంది. మరుసటి ఏడు మరికొంత ఆలస్యం. ఒంటి నిండా కాకుండా అక్కడక్కడ మాత్రమే పొడవు వెంట్రుకలు మిగిలిపోవడం మరో తొలి గుర్తు. దవడ కింద, గొంతు పొడవునా, కాళ్ల వెనక, పొట్ట అడుగున ఇవి కనిపిస్తాయి. వీపు నున్నగా ఉండి గడ్డం కింద మాత్రం మేకపోతు గడ్డంలా వెంట్రుకలు వేలాడుతుంటే అనుమానించాల్సిందే. చాలామంది యజమానులు దీన్ని వయసు మీద పడిన లక్షణంగా సరిపెట్టుకుంటారు. వయసు వల్ల ముఖాన నెరుపు వస్తుంది, వీపు కాస్త కుంగుతుంది. వేసవిలో బొచ్చు నిలిచిపోవడం మాత్రం వయసు లక్షణం కాదు.

జబ్బు ముదిరాక ఏడాదంతా ఒళ్లంతా పొడవాటి బొచ్చే. కొన్నిటికి అది ఉంగరాలు తిరుగుతుంది కూడా. ఈ దశలో ఉన్న ముసలి గుర్రానికి పీపీఐడీ ఉందని చెప్పడానికి ల్యాబు కూడా దాదాపు అక్కర్లేదు. ఇంతగా బొచ్చు పెంచే జబ్బు గుర్రాల్లో ఇంకొకటి లేదన్నంత అరుదు. చిక్కల్లా తొలి దశలోనే. అప్పుడు బొచ్చు తేడా వారాల్లో మాత్రమే ఉంటుంది. అందుకే ఏటా బొచ్చు రాలడం మొదలైన తేదీ, పూర్తయిన తేదీ లాయం గోడ మీది క్యాలెండర్లో రాసిపెట్టుకోవడం ఖర్చు లేని మంచి పరీక్ష. గుర్రాన్ని దాని పోయినేటి తీరుతోనూ, అదే పచ్చికలో మేసే తోటి గుర్రాలతోనూ పోల్చాలి.

బొచ్చుతో పాటు ఇంకొన్ని మార్పులు వస్తాయి. వెన్ను పక్కన, పిరుదుల మీద కండ కరిగి ఎముకలు తేలతాయి. కండ సడలి పొట్ట కిందికి వేలాడుతుంది. ఈ పొట్టను చూసి గుర్రం లావెక్కిందని పొరబడేవాళ్లున్నారు. మామూలుగా ముసలి గుర్రానికి కళ్ల పైన గుంటలు పడతాయి. ఈ జబ్బులో కొన్నిటికి ఆ గుంటల్లో కొవ్వు చేరి ఉబ్బెత్తుగా కనిపిస్తుంది. గుర్రం హుషారు తగ్గి మందకొడిగా ఉంటుంది. నీళ్లు ఎక్కువ తాగుతుంది, లాయంలో పరిచిన గడ్డి తెల్లారేసరికి మామూలు కన్నా ఎక్కువ తడిసి ఉంటుంది. వ్యాధి నిరోధక శక్తి సన్నగిల్లడంతో డెక్కలో చీము, సైనస్ ఇన్‌ఫెక్షన్, చర్మపు పుండ్లు పదే పదే వస్తుంటాయి, ఓ పట్టాన మానవు.

అసలు ప్రమాదం డెక్కల్లో

పీపీఐడీ ఉన్న గుర్రాన్ని ఎక్కువగా కుంగదీసేది లామినైటిస్. గుర్రం డెక్కలోని ఎముక, బయటి గట్టి గోడకు సన్నని పొరల అల్లికతో వేలాడుతూ ఉంటుంది. ఒంటి బరువంతా మోసేది ఆ అల్లికే. రక్తంలో ఇన్సులిన్ చాలాకాలం ఎక్కువగా ఉంటే ఆ పొరలు సాగి బలహీనపడతాయి. ముదిరితే ఎముక గోడ నుంచి విడివడి కిందికి వంగుతుంది. నడవడం సంగతి అటుంచి నిలబడడమే నరకమవుతుంది. మందులకు లొంగని లామినైటిస్ వచ్చాక నొప్పి నుంచి విముక్తి కలిగించడానికి గుర్రాన్ని మత్తుమందుతో శాశ్వతంగా నిద్రపుచ్చక తప్పని పరిస్థితి కూడా వస్తుంది.

పీపీఐడీ ఉన్న గుర్రాలన్నిటికీ లామినైటిస్ రాదు. ఇన్సులిన్ కూడా అదుపు తప్పిన వాటికే ఎక్కువ ముప్పు. కాబట్టి ఈ జబ్బు అనుమానించిన ప్రతిసారీ ఏసీటీహెచ్‌తో పాటు ఇన్సులిన్ కూడా చూడడం ఆనవాయితీ. మందు ఒక్కటే సరిపోతుందా, మేత కూడా పూర్తిగా మార్చాలా అన్నది తేల్చేది ఇన్సులిన్ అంకెే. డెక్క గోడ మీద కనిపించే గీతలు కూడా కొంత కథ చెబుతాయి. ముందువైపు దగ్గర దగ్గరగా ఉండి మడమ వైపు వెడల్పవుతూ పోయే వలయాలు కనిపిస్తే, ఎవరూ గమనించకుండానే లామినైటిస్ ఒకసారి వచ్చి వెళ్లిందని అర్థం.

రక్తం అంకె, నెల లెక్క

మొదటి పరీక్ష రక్తంలో ఏసీటీహెచ్ ఎంతుందో కొలవడం. దీనికి గుర్రాన్ని పస్తుంచక్కర్లేదు. రక్తాన్ని ఊదారంగు మూత ఉన్న ఈడీటీఏ గొట్టంలోకి తీసి వెంటనే చల్లగా ఉంచాలి. కొన్ని గంటల్లోనే యంత్రంలో తిప్పి ప్లాస్మాను వేరుచేసి, చల్లగానే ల్యాబుకు పంపాలి. తీసిన రక్తాన్ని తీసినట్టే గడ్డకట్టించకూడదు. ఏసీటీహెచ్ సున్నితమైనది, వేడిలో ఉంటే విరిగిపోతుంది. కారు డ్యాష్‌బోర్డు మీద మధ్యాహ్నమంతా ఉన్న గొట్టం జబ్బు గుర్రాన్ని కూడా ఆరోగ్యంగా చూపించవచ్చు. దీనికి విరుద్ధంగా తీవ్రమైన నొప్పి, బెదురు, అప్పుడే ముగిసిన ట్రక్కు ప్రయాణం ఏసీటీహెచ్‌ను పెంచుతాయి. ప్రయాణం చేసి వచ్చిన గుర్రానికి కనీసం అరగంట విశ్రాంతి ఇచ్చాకే రక్తం తీయాలి.

ఇక నెల సంగతి. భూమి ఉత్తరార్ధంలో ఆరోగ్యంగా ఉన్న గుర్రాలకు కూడా ఆగస్టు నుంచి అక్టోబరు వరకు ఏసీటీహెచ్ సహజంగా పెరుగుతుంది. సెప్టెంబరు చివరి రోజుల్లో అది తారస్థాయికి చేరుతుంది. చలికాలానికి ఒళ్లు సిద్ధమవడంలో ఇదో భాగం. దక్షిణార్ధంలో ఇదే పెరుగుదల మార్చి చుట్టూ వస్తుంది. గుర్రాల హార్మోన్ జబ్బులపై పనిచేసే నిపుణుల బృందం ఈక్వైన్ ఎండోక్రైనాలజీ గ్రూప్ అందుకే నెలల వారీగా హద్దులు ఇచ్చింది. డిసెంబరు నుంచి జూన్ వరకు మిల్లీలీటరుకు 15 పికోగ్రాముల కన్నా తక్కువుంటే జబ్బు ఉండే అవకాశం తక్కువ, 40 దాటితే ఎక్కువ. సెప్టెంబరు, అక్టోబరుల్లో అవే హద్దులు 30, 90కి పెరుగుతాయి. అంటే 60 అన్న ఒకే అంకె ఏప్రిల్‌లో జబ్బుకు గుర్తు, సెప్టెంబరులో తేల్చి చెప్పలేని మధ్యస్థితి. కొలిచే యంత్రాన్ని బట్టి కూడా అంకె మారుతుంది కనుక, ఏ ల్యాబులో పరీక్ష చేయిస్తే ఆ ల్యాబు హద్దులతోనే పోల్చాలి.

రెండు హద్దుల మధ్య పడిన గుర్రానికి రెండో పరీక్ష ఉంది. దాని పేరు టీఆర్‌హెచ్ పరీక్ష. ముందు ఒకసారి రక్తం తీస్తారు. తర్వాత టీఆర్‌హెచ్ అనే హార్మోన్‌ను నరంలోకి ఎక్కించి, సరిగ్గా 10 నిమిషాలకు మళ్లీ రక్తం తీస్తారు. బ్రేకు సడలిన గ్రంథి ఈ కుదుపుకు ఒక్కసారిగా బోలెడు ఏసీటీహెచ్ వదులుతుంది. జనవరి నుంచి జూన్ వరకు, రెండో గొట్టంలో 100 లోపు ఉంటే జబ్బు ఉండే అవకాశం తక్కువ, 200 దాటితే ఎక్కువ. ఇంజెక్షన్ వల్ల కొన్ని గుర్రాలు కాసేపు దగ్గుతాయి, ఆవలిస్తాయి, పెదవులు చప్పరిస్తాయి. అది ప్రమాదం కాదు. గడియారం విషయంలో మాత్రం అశ్రద్ధ కూడదు. అంకె నిమిషనిమిషానికీ మారుతుంది కనుక పదో నిమిషం అంటే పదో నిమిషమే. జూలై నుంచి డిసెంబరు దాకా ఈ పరీక్షలో ఆరోగ్యవంతమైన గుర్రాలూ పెద్ద అంకెలు చూపిస్తాయి. ఆ నెలల్లో ఎక్కువ వచ్చిన ఫలితాన్ని బట్టి జబ్బు ఉందని చెప్పలేం.

ఒక గుర్రం రెండేళ్ల కథ

ఈ పరీక్షలూ మందూ ఆచరణలో ఎలా నడుస్తాయో చూడడానికి ఒక ఉదాహరణ తీసుకుందాం. ఇంగ్లండ్‌లో 21 ఏళ్ల వెల్ష్ కాబ్ జాతి మగ గుర్రం, బరువు 440 కిలోలు. మే చివర్లో తోటి గుర్రాలన్నీ నున్నబడినా దీనికి గడ్డం కింద, కాళ్ల వెనక బొచ్చు మిగిలే ఉంది. ఆ వసంతంలో డెక్కలో రెండుసార్లు చీము పట్టింది. డెక్క గోడ మీద మడమ వైపు వెడల్పయ్యే వలయాలున్నాయి. మొదటి పరీక్షలో ఏసీటీహెచ్ 32. మే నెల హద్దుల్లో ఇది మధ్యస్థితి. అక్కడితో ఆపేసి ఉంటే జబ్బు మరో ఏడాది దాక్కునేది. వారం తర్వాత చేసిన టీఆర్‌హెచ్ పరీక్షలో పదో నిమిషం అంకె 340. జబ్బు ఖాయమైంది. ఇన్సులిన్ కూడా ఎక్కువగానే ఉంది.

వైద్యం పెర్గొలైడ్ మాత్రతో మొదలైంది. ఇది డోపమైన్‌లా పనిచేసి, సడలిన బ్రేకును మళ్లీ బిగిస్తుంది. రోజుకు కిలో బరువుకు సుమారు 2 మైక్రోగ్రాములు తొలి మోతాదు. ఈ గుర్రానికి అది రోజుకు ఒక మిల్లీగ్రాము మాత్ర అయింది. నాలుగో రోజుకు గుర్రం దాణా సగం వదిలేయడం మొదలుపెట్టింది. ఈ మందుతో తరచుగా వచ్చే ఇబ్బంది ఇదే. మాత్ర ఆపేయకుండా, పశువైద్యుడి సలహాతో సగానికి తగ్గించారు. రెండు వారాల్లో ఆకలి తిరిగి వచ్చాక మెల్లగా పూర్తి మాత్రకు పెంచారు.

నెల తిరిగేసరికి నీళ్లు తాగడం మామూలైంది, నడకలో హుషారు వచ్చింది. జూలైలో తీసిన రక్తంలో ఏసీటీహెచ్ 19కి దిగింది. బొచ్చు మాత్రం అప్పటికి మారలేదు. మారదు కూడా. బొచ్చు ఋతువుకు కట్టుబడి ఉంటుంది కనుక, మందు ప్రభావం దాని మీద కనిపించడానికి మరుసటి వసంతం దాకా ఆగాల్సిందే. ఈ సంగతి ముందే తెలియని యజమాని రెండు నెలలకు మందు పనిచేయలేదని ఆపేసే ప్రమాదం ఉంది.

సెప్టెంబరులో మళ్లీ చూస్తే ఏసీటీహెచ్ 62. జూలై అంకెతో పోలిస్తే మూడింతలు. కంగారుపడి మోతాదు రెట్టింపు చేయాల్సినంత పెరుగుదలగా కనిపిస్తుంది. కానీ సెప్టెంబరు హద్దుల్లో 62 మధ్యస్థితే. గుర్రం హుషారుగా ఉంది, డెక్కల్లో నొప్పి లేదు. అదే మోతాదు కొనసాగించారు. తర్వాతి ఏప్రిల్‌లో బొచ్చు దాదాపు పక్క గుర్రాలతో పాటే రాలింది. రెండో ఏడు సెప్టెంబరులో మాత్రం అంకె 118 వచ్చింది. ఒళ్లు మళ్లీ మందగించింది, కండ తగ్గింది. ఈసారి అంకె, గుర్రం తీరు రెండూ ఒకే మాట చెబుతున్నాయి కనుక మోతాదును రోజుకు ఒకటిన్నర మాత్రకు పెంచారు. ఎప్పుడు మార్చాలో, ఎప్పుడు మార్చకూడదో తేల్చే పద్ధతి ఇదే. అంకెను ఆ నెల హద్దుతోనూ, ఆ గుర్రం ఒంటి తీరుతోనూ కలిపి చూడాలి.

మందు గురించి తెలియాల్సినవి

పెర్గొలైడ్‌ను పార్కిన్సన్స్ జబ్బుకు మనుషులకు వాడేవారు. గుండె కవాటాలు దెబ్బతింటున్నాయని తేలడంతో 2007లో అమెరికాలో మనుషులకు వాడడం ఆపేశారు. గుర్రాల కోసం అదే దేశం 2011లో ప్రాసెండ్ అన్న పేరుతో అనుమతి ఇచ్చింది.

మాత్ర రోజూ ఇవ్వాలి, జీవితాంతం ఇవ్వాలి. ఎండాకాలంలో గుర్రం బాగుంది కదా అని ఆపితే, బ్రేకు మళ్లీ సడలుతుంది. మాత్రను పొడి చేయకూడదు. ఆ పొడి మనిషి శ్వాసలోకి, కళ్లలోకి వెళ్తే హాని. ఇచ్చాక చేతులు కడుక్కోవాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు దీన్ని ముట్టుకోకపోవడం మంచిది, తప్పనిసరైతే చేతి తొడుగులు వేసుకోవాలి. ఆపిల్ ముక్కలో గంట్లు పెట్టి మాత్ర దాచి తినిపించడం చాలాచోట్ల అలవాటు. గుర్రం ఆపిల్‌ను నమిలి మాత్రను తెలివిగా ఉమ్మేస్తుంది కనుక కింద నేల మీద కూడా ఒకసారి చూడాలి. ఆ ఉమ్మిన మాత్ర లాయంలోని కుక్క నోట పడకుండా చూడడం కూడా అవసరమే.

కొన్ని దేశాల్లో ఫార్మసీలు పెర్గొలైడ్‌ను ద్రవంగా కలిపి అమ్ముతాయి. నీటిలో ఈ మందు త్వరగా చెడుతుంది. వెలుతురు, వేడి తగిలితే ఇంకా త్వరగా చెడుతుంది. రంగు మారిన సీసాలో మందు బలం పోయినట్టే. అంతవరకు అదుపులో ఉన్న గుర్రం ఉన్నట్టుండి అదుపు తప్పితే, మోతాదు పెంచే ముందు సీసాను అనుమానించాలి.

మందు మొదలుపెట్టిన ఒకటి రెండు నెలలకు ఏసీటీహెచ్ మళ్లీ చూడాలి. నిలకడ వచ్చాక ఏడాదికి రెండుసార్లు చాలు. అందులో ఒకటి శరదృతువు పెరుగుదల వేళ ఉండాలి. సాలులో గ్రంథి మీద ఒత్తిడి ఎక్కువగా ఉండే కాలం అదే కనుక, మోతాదు చాలుతున్నదీ లేనిదీ అప్పుడే బయటపడుతుంది.

మాత్ర తర్వాతి పని

మందు గ్రంథిని అదుపు చేస్తుంది, ఇన్సులిన్‌ను అదుపు చేస్తుందన్న భరోసా మాత్రం లేదు. ఇన్సులిన్ ఎక్కువగా ఉన్న గుర్రానికి అసలు వైద్యం మేతలోనే ఉంది. ధాన్యం, బెల్లం కలిపిన దాణా మానేయాలి. చక్కెర, పిండిపదార్థం కలిపి పది పన్నెండు శాతం మించని ఎండుగడ్డి ముఖ్య ఆహారం కావాలి. ఒంటి బరువులో 1.5 నుంచి 2 శాతం లెక్కన, 440 కిలోల గుర్రానికి రోజుకు ఏడు నుంచి తొమ్మిది కిలోల ఎండుగడ్డి పడుతుంది. గడ్డిని చల్లటి నీళ్లలో అరగంట నుంచి గంట నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి పెడితే చక్కెర కొంత తగ్గుతుంది. వసంతంలో లేత పచ్చిక మీదికి, మంచు పడిన తెల్లారి ఎండలోకి ఈ గుర్రాన్ని వదలకూడదు. ఆ వేళల్లో గడ్డిలో చక్కెర ఎక్కువ.

ఇన్సులిన్ మామూలుగా ఉండి కండ కరిగిన బక్క గుర్రానిది వేరే దారి. దానికి మంచి మాంసకృత్తులున్న ముసలి గుర్రాల దాణా, వంటనూనె లాంటి కొవ్వు ఇచ్చి బరువు నిలపాలి. పీపీఐడీ ఉన్న గుర్రాలన్నిటికీ ఒకే మేత అనుకుంటే, ఒకటి లామినైటిస్‌తో పడిపోతుంది, మరొకటి ఆకలితో మాడుతుంది. రెండింటి రూపమూ పైకి ఒకలాగే ఉండవచ్చు కనుక బొచ్చు కింద చేయి పెట్టి పక్కటెముకలను తడిమి చూడాలి. దట్టమైన బొచ్చు బక్కతనాన్ని దాచేస్తుంది.

బొచ్చు నిలిచిపోయిన గుర్రానికి వేసవిలో కత్తిరింపు తప్పదు. దట్టమైన బొచ్చుతో ఎండలో నిలబడిన గుర్రానికి చెమట పట్టి ఆరక, చర్మం మీద పుండ్లు లేస్తాయి. చలికాలంలో కత్తిరిస్తే దుప్పటి కప్పాలి. డెక్కలను ఆరు వారాలకోసారి చెక్కించి, చీము, వలయాలు, వెచ్చదనం చూడాలి. ఆరు నెలలకోసారి పళ్లు చూపించాలి. ఈ గుర్రాల పేడలో పురుగుల గుడ్లు ఎక్కువగా ఉండే అవకాశం ఉంది కనుక, కంటికి ఆరోగ్యంగా కనిపించినా పేడ పరీక్ష చేయించాకే పురుగుల మందు నిర్ణయించాలి. ధనుర్వాతం టీకా తప్పకూడదు.

తెలుగు నేల మీద

పైన చెప్పిన హద్దులు ఎక్కువగా చలి దేశాల గుర్రాలను చూసి తయారైనవి. లండన్‌లో పగలు చలికాలంలో ఎనిమిది గంటల లోపుకు కుదించుకుపోయి, వేసవిలో పదహారున్నర గంటలకు సాగుతుంది. హైదరాబాద్‌లో ఆ తేడా రెండు గంటలే, సుమారు 11 నుంచి 13 గంటల మధ్య. బొచ్చును, ఏసీటీహెచ్‌ను నడిపించేది పగటి పొడవే కనుక, విదేశీ హద్దులను ఇక్కడి గుర్రాలకు ఉన్నవి ఉన్నట్టుగా అంటగట్టడంలో జాగ్రత్త అవసరం. అంకెతో పాటు లక్షణాలనూ, అదే లాయంలోని ఆరోగ్యవంతమైన ముసలి గుర్రాల అంకెలనూ పక్కన పెట్టుకోవాలి. ఒక విధంగా ఇక్కడ గుర్తించడం తేలికే. ఏప్రిల్, మే ఎండల్లో గుర్రం ఒంటి మీద బొచ్చు మిగిలి ఉంటే దాచినా దాగదు. ఇక్కడి వేడిలో ఆ బొచ్చు వల్ల కలిగే బాధా ఎక్కువే, కత్తిరింపును వాయిదా వేయకూడదు. రక్తపు గొట్టం ల్యాబుకు చేరేదాకా మంచుపెట్టె దాటి బయటికి రాకూడదన్న నియమానికి కూడా ఇక్కడ మినహాయింపు లేదు.

15 ఏళ్లు దాటిన గుర్రం ఇంట్లో ఉన్నవారు బొచ్చు రాలడం ముగిసిన తేదీని ఈ ఏడాది నుంచే రాసిపెట్టుకోవాలి. పోయినేటి కన్నా రెండు మూడు వారాలు ఆలస్యమైతే, డెక్కలు నొప్పి పెట్టేదాకా ఆగకుండా ఏసీటీహెచ్, ఇన్సులిన్ పరీక్షలు చేయించాలి.